ఎస్‌జీపీటీ తగ్గినంత మాత్రాన కాలేయం బాగుపడినట్టేనా?

గోరువంక:
నా వయసు 52. ఆరేళ్లుగా షుగరు ఉంది, మద్యం అలవాటు లేదు. రెండేళ్ల క్రితం అల్ట్రాసౌండ్‌లో కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. అప్పుడు రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు ఎస్‌జీపీటీ 100, ఎస్‌జీఓటీ 60 ఉన్నాయి. హెపటైటిస్ బి, సి పరీక్షలు అప్పుడే చేయించగా రెండూ లేవని వచ్చింది. మొన్న మళ్లీ చేయిస్తే ఎస్‌జీపీటీ 64కి దిగింది, ఎస్‌జీఓటీ మాత్రం 58 దగ్గరే ఆగింది. బిలిరుబిన్, అల్బుమిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలుగానే ఉన్నాయి. నాకు అర్థం కానిది ఒక్కటే. ఈ రెండేళ్లలో నా బరువు 84 కిలోల నుంచి కదలలేదు, తిండి కూడా పెద్దగా మారలేదు. ఏమీ చేయకుండానే ఎస్‌జీపీటీ ఇంతగా తగ్గిందంటే కాలేయం తనంతట తానే కోలుకుంటోందని అనుకోవచ్చా?

మెట్లదారి:
తప్పకుండా అనుకోవచ్చు. ఎస్‌జీఓటీ కండరాల్లోనూ ఉంటుంది కాబట్టి దాన్ని అంతగా పట్టించుకోనక్కరలేదు. కాలేయం సంగతి చెప్పేది ప్రధానంగా ఎస్‌జీపీటీయే. నేను ఆరు కిలోలు తగ్గాక నా ఎస్‌జీపీటీ 88 నుంచి 34కి వచ్చింది, ఆ తరువాత తీసిన స్కాన్‌లో కొవ్వు కూడా తగ్గిందని రాశారు. మీది కూడా అదే దారిలో ఉన్నట్టు కనిపిస్తోంది.

నీలిమబ్బు:
నా రిపోర్టులో బిలిరుబిన్ 1.9 ఉంది, ఎంజైములన్నీ మామూలుగానే ఉన్నాయి. ఇది కూడా ఫ్యాటీ లివర్ వల్లనేనా? ఏ ఆహారం మానేస్తే తగ్గుతుందో ఎవరైనా చెప్పగలరా?

పాత సూక్ష్మదర్శిని:
నీలిమబ్బు గారూ, మీ విషయం వేరు. మీ రిపోర్టులో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అని రెండు అంకెలు విడివిడిగా ఉంటాయి, వాటిని చూసి రాయండి. రక్తం ఇచ్చే ముందు ఎంతసేపు ఏమీ తినకుండా ఉన్నారో కూడా చెప్పండి.

గోరువంక గారూ, కాలేయ వ్యాధుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. మీ ప్రశ్నకు అవునని చెప్పే ముందు నాకు రెండు విషయాలు తెలియాలి. అదే రోజుల్లో చేసిన రక్తకణాల పరీక్షలో ప్లేట్‌లెట్లు అప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత? పరీక్షకు ముందు వారంలో అలవాటు లేని వ్యాయామం ఏమైనా చేశారా? ఎస్‌జీపీటీ ఒక్కటే తగ్గి, ఎస్‌జీఓటీ అక్కడే నిలబడిన రిపోర్టును చూసి నేను వెంటనే సంతోషించను. మామూలుగా ఫ్యాటీ లివర్‌లో ఎస్‌జీపీటీయే ఎక్కువగా ఉంటుంది. కాలేయంలో మచ్చకట్టడం పెరిగే కొద్దీ ఆ తేడా తగ్గుతూ వచ్చి, చివరికి ఎస్‌జీఓటీయే పైన ఉండే స్థితి రావచ్చు. అందువల్ల తగ్గిన ఎస్‌జీపీటీ కోలుకోవడానికి గుర్తు కావచ్చు, అందుకు పూర్తిగా విరుద్ధమైన దానికీ గుర్తు కావచ్చు. ఆ ఒక్క అంకెను చూసి ఏది నిజమో చెప్పలేము.

గోరువంక:
ప్లేట్‌లెట్లు రెండేళ్ల క్రితం 2.40 లక్షలు, ఇప్పుడు 1.68 లక్షలు. రెండూ మామూలు పరిధిలోనే ఉన్నాయని రిపోర్టులో ఉంది కాబట్టి నేను పట్టించుకోలేదు. వ్యాయామం సంగతి మీరు అడిగాక గుర్తొచ్చింది. మూడు వారాల క్రితమే జిమ్‌లో చేరాను. పరీక్షకు ముందు రోజు సాయంత్రం కాళ్లకు బరువులతో బాగా శ్రమించాను, మరునాడు మెట్లు దిగడం కూడా కష్టమైంది.

మెట్లదారి:
వయసు, ఈ రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్లు కలిపి లెక్కకట్టే ఫిబ్-4 అనే సూచిక ఉందని చదివి, గోరువంక గారి అంకెలు వేసి చూశాను. నాకు 224 వచ్చింది! 2.67 దాటితేనే ప్రమాదమని అక్కడ రాసి ఉంది. దయచేసి ఎవరైనా సరిచూడండి.

పాత సూక్ష్మదర్శిని:
మెట్లదారి గారూ, మీరు ప్లేట్‌లెట్ల దగ్గర 1.68 అని వేసి ఉంటారు. ఆ లెక్కలో ప్లేట్‌లెట్లను వేలల్లో, అంటే 168 అని వేయాలి. లక్షల్లో రాసిన రిపోర్టు చేతిలో పెట్టుకుని లెక్కించే వారిలో చాలామంది ఇదే పొరపాటు చేసి భయపడిపోతారు. ఫలితం పదుల్లోనో వందల్లోనో వస్తే ముందుగా అనుమానించవలసింది ఈ అంకెనే.

ఇప్పుడు లెక్క చూద్దాం. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి: 52 × 58 = 3016. ప్లేట్‌లెట్లను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి: 64కు వర్గమూలం 8 కాబట్టి 168 × 8 = 1344. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే 2.24 వస్తుంది. రెండేళ్ల క్రితం వయసు 50, ఎస్‌జీఓటీ 60 కాబట్టి పైన 3000. ఎస్‌జీపీటీ 100కు వర్గమూలం 10 కాబట్టి కింద 2400. అప్పటి ఫలితం 1.25. సాధారణంగా 1.3 కంటే తక్కువైతే ముదిరిన ఫైబ్రోసిస్, అంటే కాలేయం బాగా మచ్చకట్టడం, ఉండే అవకాశం చాలా తక్కువ అంటాము. 2.67 దాటితే ఆ అవకాశం గట్టిగా ఉంటుంది, నడుమ ఉన్నవారికి మరో పరీక్ష కావాలి. ఎస్‌జీపీటీ తగ్గిన ఈ రెండేళ్లలోనే మీ సూచిక తక్కువ ప్రమాదం నుంచి నడిమి మెట్టుకు ఎక్కింది. మిమ్మల్ని ఆలోచింపజేయవలసింది ఇదే.

ప్లేట్‌లెట్లకు కాలేయంతో సంబంధం ఏమిటని అడుగుతారేమో. మచ్చకట్టి గట్టిపడిన కాలేయం గుండా రక్తం తేలికగా పారదు. ఆ ఒత్తిడి వెనక్కి ప్లీహం మీద పడి అది ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లను తనలోనే నిలుపుకుంటుంది. అందుకే పరిధిలోనే ఉన్నా, అది ఎటు నడుస్తోందో చూడాలి.

అయినా మీ విషయంలో నేను తొందరపడను. బరువులు ఎత్తిన మరునాటి ఎస్‌జీఓటీలో కండరాల వాటా ఎంతో ఎవరికీ తెలియదు, ఈ విషయంలో మెట్లదారి గారి మాట నిజమే. కానీ అందుకు మందు ఆ అంకెను వదిలేయడం కాదు, పరీక్షను సరిగా మళ్లీ చేయించడం. వారం రోజులు బరువులు ఆపి, ఈసారి సీకే అనే కండరాల ఎంజైమును కూడా చూడమని మీ వైద్యుణ్ని అడగండి. ప్లేట్‌లెట్లు ఒక్కోసారి గొట్టంలోనే గుంపులు కట్టి తక్కువగా లెక్కకు వస్తాయి కాబట్టి, రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూసే స్మియర్ కూడా చేయమని చెప్పండి.

ఉదయరేఖ:
ఇలాంటి రిపోర్టు చూసి భయంతో నేను చేసిన పొరపాటు ఇక్కడ చెప్పడం అవసరమనిపిస్తోంది. ఫ్యాటీ లివర్ అని తెలియగానే ఒక్కపూట మాత్రమే తింటూ ఐదు వారాల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. ఎంజైములు పడిపోతాయని ఆశగా పరీక్ష చేయిస్తే, 70 ఉన్న ఎస్‌జీపీటీ 140 అయింది. రెండు నెలల తరువాత పిత్తాశయంలో రాళ్లు కూడా బయటపడ్డాయి. వేగంగా బరువు తగ్గేటప్పుడు శరీరంలోని కొవ్వు కరిగి ఒక్కసారిగా కాలేయం మీద పడుతుందని, రాళ్లకు కూడా అదే కారణమై ఉండవచ్చని మా డాక్టరు గారు చెప్పారు. పైగా అప్పట్లో కొవ్వు కరిగిస్తుందని గ్రీన్ టీ సారం మాత్రలు కూడా వేసుకున్నాను. ఎంజైములు పెరగడానికి ఆ మాత్రలు కారణమా, ఉపవాసం కారణమా అన్నది ఇప్పటికీ తేలలేదు. రెండూ మానాక నాలుగు నెలల్లో దిగివచ్చాయి.

గోరువంక:
మూడు వారాల తరువాత రాస్తున్నాను. తొమ్మిది రోజులు బరువులు ముట్టకుండా పరీక్షకు వెళ్లాను. ఎస్‌జీఓటీ 41, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 1.72 లక్షలు, సీకే మామూలే. స్మియర్‌లో గుంపులు లేవన్నారు. ఈసారి లెక్క నేనే చేశాను: 52 × 41 = 2132, 172 × 7 = 1204, ఫలితం 1.77. తగ్గింది కానీ నడిమి మెట్టులోనే ఉంది. మా వైద్యుడు కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్‌కు పంపారు, మూడు గంటలకు పైగా ఏమీ తినకుండా వెళ్లమన్నారు. గట్టిదనం 7.4 కిలోపాస్కల్ వచ్చింది.

పాత సూక్ష్మదర్శిని:
ఇది ఊరటనిచ్చే ఫలితమే. గట్టిదనం 8 కంటే తక్కువగా ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువని తీసుకుంటాము. అయితే 7.4 ఆ గీతకు దగ్గరగానే ఉంది, మీకు షుగరు కూడా ఉంది. ప్లేట్‌లెట్లు 2.40 నుంచి 1.72కు ఎందుకు వచ్చాయో ఈ పరీక్షలు చెప్పలేదు. కాబట్టి ఫైల్ మూసేయకుండా, ఏడాదికి ఒకసారి ఇవే అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలన్నది నా అభిప్రాయం. మీ వైద్యుడు ఇంకా ముందుగా రమ్మంటే ఆయన మాటే వినండి.

ఇక బరువు సంగతి. 84 కిలోల మనిషికి మూడు నుంచి ఐదు శాతం, అంటే రెండున్నర నుంచి నాలుగు కిలోలు తగ్గితే కాలేయంలోని కొవ్వు తగ్గడం మొదలవుతుంది. వాపు తగ్గడానికి ఏడు శాతం, అంటే ఇంచుమించు ఆరు కిలోలు కావాలి. ఉన్న మచ్చ కొంతైనా వెనక్కి మళ్లాలంటే పది శాతం, అంటే ఎనిమిది కిలోలకు పైగా తగ్గాలి. మీకు ఆరు కిలోలను మొదటి గమ్యంగా పెట్టుకోమని చెబుతాను. వారానికి అర కిలో నుంచి కిలో లోపు చాలు. అంతకంటే తొందరపడితే ఏమవుతుందో ఉదయరేఖ గారు చెప్పారు. మీరు షుగరుకు మందులు వాడుతుంటే తిండి తగ్గించే ముందే మోతాదు గురించి మాట్లాడండి, లేకపోతే చక్కెర పడిపోవచ్చు. ఆహారంలో ఒక్క మార్పుతో మొదలుపెట్టాలంటే తీపి పానీయాలు, పళ్లరసాలతో సహా, మానేయండి. వాటిలోని ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగం కాలేయానికే చేరుతుంది, అందులో కొంత అక్కడ కొవ్వుగా మారుతుంది. జిమ్ మానకండి. బరువు తగ్గకపోయినా వ్యాయామం వల్ల కాలేయంలోని కొవ్వు కొంత తగ్గుతుంది.

నీలిమబ్బు:
ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మొత్తం 1.9లో డైరెక్ట్ 0.3 మాత్రమే ఉంది. ఆ రోజు పదహారు గంటలు ఏమీ తినకుండా వెళ్లాను.

పాత సూక్ష్మదర్శిని:
ఎంజైములు మామూలుగా ఉండి, ఇన్‌డైరెక్ట్ భాగం ఒక్కటే పెరిగి, అదీ ఉపవాసం తరువాత కనిపించిందంటే గిల్బర్ట్ సిండ్రోమ్ కావచ్చు. అది పుట్టుకతో వచ్చే, హాని లేని స్థితి. ఎర్రకణాలు ఎక్కువగా పగిలిపోవడం లేదని మీ వైద్యుడు ఒక్కసారి చూసుకుంటే చాలు, ఏ ఆహారమూ మానవలసిన పని లేదు.

మెట్లదారి:
ఒక్క సందేహం మిగిలింది. పరీక్షకు ముందు మూడు రోజులు వ్యాయామం ఆపితే చాలని నాకు ల్యాబ్‌లో చెప్పారు, మీరు వారం అంటున్నారు. ఏది పాటించాలి?

పాత సూక్ష్మదర్శిని:
నడక, తేలికపాటి వ్యాయామం ఎప్పుడూ చేసేవారికి మూడు రోజులు సరిపోవచ్చు. గోరువంక గారిలా కొత్తగా బరువులు మొదలుపెట్టిన వారిలో వారం దాటాక కూడా ఎస్‌జీఓటీ పూర్తిగా దిగకపోవడం నేను చూశాను. నేనైతే వారమే చెబుతాను. మూడు రోజులు చాలనే సహోద్యోగులు నాకూ ఉన్నారు.