అప్‌డేట్: గ్రూప్ ఫొటోల బావ రంగు కలిసింది

అడిగింది: "హన్మకొండ వేయి స్తంభాల గుడి దగ్గర సాయంత్రం ఎండల తీసిన గ్రూప్ ఫొటో. అండ్ల లేని బావను ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటోల నుంచి కట్ చేసి పెట్టిన. ముఖం నీలంగ, అతికించినట్టు కనవడ్తంది. ఎట్ల కలపాలె?"

కలిసింది. పక్కోళ్ల చర్మంతోని పోల్చద్దు, అది మనిషి మనిషికీ వేరే. తెల్ల అంగీలతోని పోల్చాలె, వెలుగు రంగు తెలుపు మీదనే తెలుస్తది. పక్కాయన అంగీ R 226, G 212, B 188. బావది 205, 211, 222. Curves లేయర్‌ను బావకే క్లిప్ చేసి, అంగీ చోట ఎరుపు పైకి, నీలం కిందికి ఆ అంకెల దాకా జరిపిన. ఆకుపచ్చను ముట్టుకునే పనే పడలే. అంగీతోపాటే ముఖం గూడ దారికొచ్చింది. 255 కొట్టిన తెలుపు, నీలిమందు పెట్టిన అంగీ మాత్రం పనికిరావు, లెక్క తప్పుతది.

ఎండ ఎడమ దిక్కు నుంచి పడ్తంది, బావ ముఖం మీద నెత్తి మీది లైటు. 50% గ్రే లేయర్‌ను Soft Light ల పెట్టి, మెత్తటి బ్రష్‌తోని ఎడమ చెంపకు తెలుపు, ముక్కు కుడి పక్కకు నలుపు పల్చగ పూసిన. అన్నిటి మీద Black & White లేయర్ పెట్టి చూస్తే వెలుగు తేడా ఇట్టే దొరుకుతది; చూసినంక తీసెయ్యాలె. కండ్ల కింది ట్యూబ్‌లైట్ నీడ మాత్రం పూర్తిగ పోలే.