ఆడపిల్లల చదువు సంస్థకు పేరు: ఏ మాట ఎవరికి ఎలా వినిపిస్తుంది?

అడుగుతున్నవారు (ఆదోని): కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, ముఖ్యంగా కోసిగి చుట్టుపక్కల, మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లే కుటుంబాల ఆడపిల్లల కోసం ఒక సంస్థ పెడుతున్నాం. తల్లిదండ్రులు వెళ్లినా పిల్ల ఊళ్లోనే ఉండి పదో తరగతి పూర్తిచేయాలి, ఆ తర్వాత ఇంటర్‌లో చేరాలి. హాస్టల్ ఖర్చు, బస్సు పాసు, పుస్తకాలు మేం చూసుకుంటాం. సభ్యులు కుదిరారు, పేరే కుదరడం లేదు. బంగారుతల్లి, విద్యాదీవెన, అక్షరశక్తి, బాలికా విద్యానిధి అనుకున్నాం. దాతలు నమ్మాలి, ఏ పార్టీ వాసనా రాకూడదు. భాష తెలిసినవారు సాయం చేయండి.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు (తెనాలి): మీరు రాసిన నాలుగు పేర్లలో మూడింటిలోని మాటలను ప్రభుత్వాలు ఇప్పటికే వాడేశాయి. బంగారుతల్లి 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టంగా వచ్చిన పథకం. విద్యాదీవెన అనగానే 2020 నాటి ఫీజుల పథకం గుర్తొస్తుంది. శక్తి సంగతీ అంతే: ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి, తెలంగాణలో ఇందిరా మహిళా శక్తి ఉన్నాయి. ప్రభుత్వం మారితే పేరూ మారుతుంది. అమ్మఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. బడిపిల్లలకు శానిటరీ న్యాప్‌కిన్లు ఇచ్చే పథకం 2024 దాకా స్వేచ్ఛ, ఆ తర్వాత బాలికా రక్ష. తల్లి, ఒడి, దీవెన, చేయూత, వెలుగు, దీపం అన్నీ ఇంట్లో రోజూ వాడే మంచి మాటలే. కానీ వాటిని పలికితే వినేవాడు ముందు ఏ ముఖ్యమంత్రి కాలమో లెక్క చూసుకుంటాడు. మీ సంస్థకు ఆ పేరు పెడితే ఒకరికి మీరు పాత ప్రభుత్వం మనుషులు, ఇంకొకరికి కొత్త ప్రభుత్వం మనుషులు అవుతారు.

పద్యప్రియుడు (రాజమహేంద్రవరం): అసలు అక్షరశక్తి లాంటి సంస్కృత సమాసాలు ఎందుకు? అచ్చతెలుగులో చదువుజ్యోతి అనండి. కాదు, ఆగండి, అది వైరి సమాసం అవుతుంది, తెలుగు మాటకు సంస్కృతం అతకదు. చదువువెలుగు అనాలి.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు: తెలుగు మాట, సంస్కృత మాట కలిసినంత మాత్రాన తప్పు కాదండీ. బాలవ్యాకరణంలోనే చిన్నయసూరి సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రమం అని మూడుగా చెప్పాడు. చదువుజ్యోతి మిశ్రమం కిందికి వస్తుంది. చెవికి ఇంపుగా లేదంటే ఒప్పుకుంటాను, తప్పంటే ఒప్పుకోను. వెలుగు మాత్రం వద్దు. 2000 ప్రాంతంలో గ్రామీణ పేదరిక నిర్మూలన ప్రాజెక్టుకు ఆ పేరే ఉండేది, తర్వాత ఇందిరా క్రాంతి పథం అయింది. ఊళ్లలో పొదుపు సంఘాల ఆడవాళ్లకు ఇప్పటికీ ఆ పేరు గుర్తు.

ఆడిటరు (హైదరాబాద్): నిధి గురించి ఎవరూ అనలేదు. కంపెనీల చట్టంలో నిధి అంటే సభ్యుల దగ్గర డిపాజిట్లు తీసుకుని వారికే అప్పులిచ్చే ఒక ప్రత్యేక రకం కంపెనీ. విద్యానిధి అని సొసైటీగా రిజిస్టరైనా, డబ్బు గురించి జాగ్రత్తపడే దాత ఇది చిట్టీల వ్యవహారమా అని ఆలోచిస్తాడు. ఇంకో మాట. పేరు ఒకసారి రిజిస్టరైతే పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు అన్నీ ఆ పేరుతోనే నడుస్తాయి. దాతకు మీరిచ్చే విరాళం పత్రంలోనూ అదే పేరు. మార్చాలంటే తీర్మానం చేసి ఒక్కోచోటా మళ్లీ మొదలుపెట్టాలి. కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తారో ఇప్పుడే తేల్చుకోండి. తల్లిని ఒకచోట Talli, ఇంకోచోట Thalli అని రాస్తే బ్యాంకులో చిక్కే.

ప్రవాసి (డాలస్): నేను కొన్నేళ్లుగా మా ఊరి బడికి డబ్బు పంపుతున్నాను, అక్కడ మరుగుదొడ్ల పని సగంలో ఆగిపోయింది. మీరు కట్టడాలకు కూడా ఇస్తారా? పేరు మనబడి అని పెడితే ఇక్కడ అందరికీ ఇట్టే తెలుస్తుంది.

అడుగుతున్నవారు: కట్టడాలు మా పని కాదండీ, పిల్లల ఖర్చు ఒక్కటే. మనబడి అంటే అమెరికాలో మీ పిల్లలు వారాంతాల్లో తెలుగు నేర్చుకునేది అనుకుంటారు. ఇక్కడేమో బడులను బాగుచేసిన మనబడి నాడు-నేడు పథకం, ఆ గోడల రంగులు గుర్తొస్తాయి.

ఆడిటరు: డాలస్ వారికి ఒక మాట. మీరు అమెరికా పౌరులైతే మీరిచ్చేది విదేశీ విరాళం కిందికి వస్తుంది, సంస్థకు విదేశీ విరాళాల చట్టం, అంటే FCRA, కింద అనుమతి ఉండాలి. భారత పాస్‌పోర్టుతోనే ఉండి సొంత పొదుపు నుంచి పంపితే ఆ చిక్కు లేదు. రాజకీయ స్వభావం గల సంస్థలకు విదేశీ విరాళాలు ఆ చట్టం కిందే నిషేధం. పేరు ఒక్కదాన్ని చూసి తేల్చరు గానీ, పేరులో సేన, జాగృతి లాంటి మాట ఉంటే వివరణ ఇచ్చుకోవలసిన స్థితి మనమే తెచ్చుకున్నట్టు.

హాస్టల్ వార్డెన్ (ఎమ్మిగనూరు వైపు): దాతల సంగతి మీరు మాట్లాడుకోండి, నేను తల్లుల సంగతి చెబుతాను. ఆదివారం పిల్లలను చూడటానికి వచ్చిన తల్లులకు ఈ పేర్లన్నీ చదివి వినిపించాను. బంగారుతల్లి అనగానే ఒకామె సంచిలోంచి ఆధార్ కార్డు తీసి, రేషన్ కార్డు కూడా కావాలా అని అడిగింది. విద్యానిధి అంటే, నెలకెంత కట్టాలి అన్నారు. సంఘం అంటే డ్వాక్రా గ్రూపు అనుకున్నారు. ట్రస్టు అన్నప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు, దానం చేసేవాళ్లని వాళ్లకే తెలిసింది. ఇంకొకటి. పేరులో కన్య అన్న మాట పెట్టకండి. చదువు కోసం పెట్టిన సంస్థ పేరు వినగానే పెళ్లి గుర్తుకు రాకూడదు. మా దగ్గర తొమ్మిదో తరగతిలో పిల్లను మాన్పించేది చాలాసార్లు ఆ పెళ్లి కోసమే.

అడుగుతున్నవారు: అమ్మా, ఇది మాకు తట్టనే లేదు. పైతరగతి ట్రస్టు అంటే? ప్రతి పిల్లా పై తరగతికి వెళ్లాలన్నదే మా పని.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు: ఆలోచన బాగుంది. కానీ పట్నం దాత అగ్రవర్గం, డబ్బున్నవాళ్లు అన్న అర్థంలో చదువుకుంటాడు. వలస కుటుంబాల పిల్లల సంస్థకు ఆ అర్థం బొత్తిగా పొసగదు. ఊరి పేరు, పని పేరు, ట్రస్టు ఈ మూడే చాలు: కోసిగి బాలికల చదువు ట్రస్టు. కోసిగి ఎక్కడుందో ఎవరైనా మ్యాపులో చూసుకోవచ్చు, కావాలంటే వచ్చి చూడవచ్చు. అంతకు మించిన నమ్మకం ఏ విశేషణమూ ఇవ్వదు.

పద్యప్రియుడు: మరీ ఆఫీసు బోర్డులా ఉంది! సావిత్రీబాయి ఫూలే పేరో, దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరో పెట్టవచ్చు కదా. వాళ్లు పార్టీలకు అతీతులు.

హాస్టల్ వార్డెన్: ఇద్దరూ నాకు పూజ్యులే. అయినా మహనీయుల పేరు పెడితే, ఎవరి పేరు పెట్టారు, ఎవరి పేరు పెట్టలేదు, ఆమె ఎవరివాళ్లు అన్న మాట ఊళ్లో వెంటనే వస్తుంది. దానికి జవాబు చెప్పుకోవడంలోనే మన పుణ్యకాలం గడిచిపోతుంది.

అడుగుతున్నవారు: ఊరి పేరు మాకూ నచ్చింది. ఒకటే సందేహం. రెండేళ్లలో మంత్రాలయం, పెద్దకడుబూరు మండలాలకూ వెళ్లాలని ఉంది. అక్కడి వాళ్లు ఇది కోసిగి వాళ్లదే కదా అంటారేమో. నది పేరు పెట్టి తుంగభద్ర బాలికల చదువు ట్రస్టు అంటే అన్నీ కలిసొస్తాయి.

ఆడిటరు: తుంగభద్ర పేరుతో సంస్థలు చాలా ఉంటాయి. ఉన్న సొసైటీ పేరును పోలి ఉంటే రిజిస్ట్రారు ఒప్పుకోరు, ట్రస్టుగా దస్తావేజు రాసుకున్నా దాత పొరబడవచ్చు. ముందు వెతికి చూడండి.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు: నా ఓటు కోసిగికే. మొదలుపెట్టిన ఊరి పేరుతోనే పక్క మండలాల్లో పనిచేస్తే ఎవరూ తప్పుపట్టరు.

హాస్టల్ వార్డెన్: నది పేరే మేలు అంటాను. మా హాస్టల్లో మంత్రాలయం పిల్లలు కూడా ఉన్నారు. వచ్చే ఆదివారం ఈ రెండు పేర్లూ తల్లులను అడిగి చెబుతాను, అప్పటిదాకా దస్తావేజు రాయించకండి.