పాస్తా లేబుల్ మీద ఉత్త ‘గోధుమ రవ్వ’ అని ఉంటే అది డ్యూరం అనే గట్టి రకం గోధుమ రవ్వ అవుతుందా?

కడప ఏడు రోడ్ల దగ్గర ఒక కొట్టులో అరకిలో పాస్తా ప్యాకెట్ తీసుకున్నాను, ఫోటో పెట్టాను. గొట్టాలు, రెండు చివర్లూ కలం పాళీలా ఏటవాలుగా కోసి ఉన్నాయి, పైన నిలువు గీతలు. మకరోనీ అయితే పొట్టిగా వంగి ఉంటుంది కదా, అందుకే ఇది పెన్నే అనుకుంటున్నాను. ఆకారంతో పేచీ లేదు, పిండి మీదే అనుమానం.

ముందు వైపు ‘రవ్వతో చేసినది’ అని పెద్దక్షరాలు. వెనక పదార్థాల్లో మొదట గోధుమ రవ్వ, తర్వాత మైదా, చివర రంగు. బరువు ఎక్కువున్నదే ముందు రాస్తారని తెలుసు, కానీ శాతాలు వేయలేదు. డ్యూరం అనే మాట ఎక్కడా లేదు. ప్రోటీన్ 100 గ్రాములకు 10 గ్రాములు. రంగు కలిపారు కాబట్టి పసుపుదనం చూసి తేల్చలేం.

100 గ్రాములకు లీటరు నీళ్లు, బాగా మరిగాకే వేశాను. ప్యాకెట్ మీద 10 నిమిషాలని ఉంది. 8 నిమిషాలకే పైన జిగురు, నీళ్లు చిక్కటి గంజి! మర్నాడు 6 నిమిషాలకు దించితే పైన మెత్తన, లోపల పచ్చి పిండి. అదే గిన్నెలో, అదే కొలతతో, డ్యూరం సెమోలినా ఒక్కటే రాసి ఉన్న వేరే ప్యాకెట్ 10 నిమిషాలు ఉడికించాను. గొట్టాలు గట్టిగా నిలిచాయి, నీళ్లు కొంచెమే మసకబారాయి.

లేబుల్‌లో ‘డ్యూరం’ అని లేకుండా ‘గోధుమ రవ్వ’ అని మాత్రమే ఉంటే, అది మన ఉప్మా రవ్వ లాంటి మామూలు గోధుమ రవ్వే అనుకోవాలా, లేక డ్యూరంను కూడా అలా రాస్తారా?