రెండేళ్ల నడుము నొప్పి: ఎంతసేపు నడవాలి, ఎక్కడ ఆపాలి?

సైనిక్‌పురి టీచరు:
నమస్కారం. నాకు 46 ఏళ్లు, రెండేళ్లుగా నడుము నొప్పి. ఎంఆర్ఐలో ఆపరేషన్ అవసరమైనదేమీ లేదని, రోజూ నడవమని డాక్టరుగారు చెప్పారు గానీ ఎంతసేపో చెప్పలేదు. మావారితో కలిసి కేబీఆర్ పార్కు చుట్టూ 45 నిమిషాలు నడిచాను. నడిచినంతసేపూ బాగానే ఉంది, మరునాడు పొద్దున మంచం దిగేటప్పుడు గోడ పట్టుకోవలసి వచ్చింది. మూడు రోజులు పడుకొని, తగ్గాక మళ్లీ అంతే నడిచాను, మళ్లీ అదే జరిగింది. ఇలా నాలుగుసార్లయింది. నడక నాకు పడదనుకోవాలా?

అల్వాల్ వాకర్:
మధ్యలో మానేయడమే పొరపాటండీ. నొప్పిని లెక్కచేయకుండా రోజూ పదివేల అడుగులు వేయండి, నడుము దానంతటదే గట్టిపడుతుంది. నడిచినవారికి నొప్పి లేని కాలం దాదాపు రెండింతలైందని 2024లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు కదా.

నల్లకుంట ఫిజియో:
మానకూడదన్నది నిజమే. అయితే మీరు చెప్పిన అధ్యయనంలోని 701 మందీ అప్పటికే నొప్పి తగ్గి కోలుకున్నవారు. అది మళ్లీ తిరగబెట్టడానికి పట్టిన కాలం నడిచినవారిలో 208 రోజులు, నడవనివారిలో 112 రోజులు. ఉన్న నొప్పి ఎంత తగ్గుతుందన్న ప్రశ్నకు అది జవాబు కాదు. పైగా వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలన్న లక్ష్యాన్ని చేరడానికి వారికి ఆరు నెలల గడువు ఇచ్చారు.

టీచరుగారూ, మీకు పడనిది నడక కాదు, 45 నిమిషాలు. మూడు రోజులు చదునైన చోట నడిచి, నొప్పి మామూలు కంటే పెరగడం మొదలైన నిమిషాన్ని రాసుకోండి. అది 14, 11, 12 అయిందనుకుందాం. సగటు సుమారు 12 కాబట్టి అందులో ఐదింట నాలుగు వంతులు, అంటే దాదాపు 10 నిమిషాలతో మొదలుపెట్టండి. బాగున్న రోజున కూడా పదే, బాగులేని రోజున కూడా పదే. ఇది చాలామందికి కష్టంగా ఉంటుంది, ఎందుకంటే హాయిగా ఉన్న రోజే ఎక్కువ నడవాలనిపిస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిచి, వారానికి రెండు నిమిషాలు పెంచండి.

వేగం విషయానికి వస్తే, పక్కవారితో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత చురుకుగా ఉండాలి. బట్టల కొట్లు చూస్తూ ఆగి ఆగి నడిస్తే కొందరికి నడుము ఇంకా లాగుతుంది. చేతులు ఊపుతూ, ఫోన్ చూడకుండా నడవండి.

నడుస్తున్నప్పుడు నొప్పి కాస్త పెరిగి, మరునాటి పొద్దుటికి మామూలు స్థితికి వస్తే పరవాలేదు. రాకపోతే నడక మానకుండా ఒక మెట్టు వెనక్కి వెళ్లండి.

బర్కత్‌పురా విశ్రాంత ఉద్యోగి:
నాకు 68 ఏళ్లు. నేనూ ఈ లెక్కే పాటించవచ్చా? పది నిమిషాలకే రెండు పిక్కలూ బరువెక్కి తిమ్మిరెక్కుతాయి. బెంచీ మీద కూర్చుంటే రెండు నిమిషాల్లో పోతుంది. బజారులో తోపుడు బండి మీద వాలినట్లు వంగి నడిస్తే మాత్రం ఎంత దూరమైనా వెళ్లగలను.

నల్లకుంట ఫిజియో:
అయ్యా, మీది వేరే సంగతి కావచ్చు. కూర్చున్నా, ముందుకు వంగినా తగ్గుతోందంటే వెన్నులో నరాల దారి ఇరుకైందేమో చూపించుకోవాలి. వంగకుండా ఊరికే నిలబడినా తగ్గిపోతుంటే కాళ్ల రక్తనాళాలను కూడా పరీక్షించాలి. ఈలోగా తిమ్మిరి మొదలవకముందే కూర్చుని, లేచి, మళ్లీ నడవండి. నిలబెట్టిన సైకిలు తొక్కడం మీకు సులువుగా ఉండవచ్చు.

ఒక్క మాట అందరికీ చెప్పాలి. మలమూత్ర ద్వారాల దగ్గర స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా లేక అదుపు తప్పినా, పాదం పైకి లేవకుండా చెప్పు జారిపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతోనో, కారణం లేకుండా బరువు తగ్గుతూనో నొప్పి ఉన్నవారు కూడా నడకతో కాలక్షేపం చేయకూడదు.

సైనిక్‌పురి టీచరు (ఆరు వారాల తర్వాత):
మా కాలనీ రోడ్డు మీదే పదితో మొదలుపెట్టాను. నాలుగో వారంలో, 16 నిమిషాల దగ్గర, పెళ్లి ఇంట్లో రోజంతా నిలబడ్డందువల్ల నొప్పి తిరగబెట్టింది. ఈసారి పడుకోకుండా 12కి తగ్గి నాలుగు రోజులు నడిచాను. ఇప్పుడు 18 నిమిషాలు, రెండు పూటలా. నొప్పి పోలేదు గానీ పొద్దున గోడ పట్టుకోవడం లేదు. కాకపోతే కేబీఆర్ ఎత్తుపల్లాల మీద పన్నెండు నిమిషాలకే లాగుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు.

అల్వాల్ వాకర్:
నాకు ఎక్కేటప్పుడే లాగుతుంది. దిగేటప్పుడు ఏమీ ఉండదు.

నల్లకుంట ఫిజియో:
ఇది మనిషిని బట్టి మారుతుంది, చూడకుండా కారణం చెప్పలేను. చదునులో 30 నిమిషాలు కుదిరాక, వారానికి ఒక పూట మాత్రం అక్కడికి వెళ్లి, అడుగు పొట్టిగా వేస్తూ దిగి చూడండి. మరునాటి పొద్దున ఎలా ఉందో ఇక్కడ రాయండి.