వాహనం నంబరులో అంకెలు కూడేటప్పుడు నాలుగు అంకెలే లెక్కా, మొత్తం ప్లేటా?

మా నాన్నగారు 14వ తేదీన పుట్టారు కనుక ఆయన సంఖ్య 5 అనీ, దానికి అధిపతి బుధుడనీ, కొత్త కారు నంబరు కూడా 5కే రావాలనీ ఒక సంఖ్యాశాస్త్రజ్ఞుడు చెప్పారు. ఆ లెక్కన చూస్తే 4127 సరిపోతుంది, ఎందుకంటే నాలుగు అంకెలూ కూడితే 14, మళ్లీ కూడితే 5 వస్తుంది.

అయితే మరొకరు ప్లేటు మొత్తాన్ని లెక్కించాలన్నారు. కాల్డియన్ పద్ధతిలో ‘ఏ’కు 1, ‘పీ’కి 8 వేసి, ఆ పక్కనున్న 39లోని అంకెలు కలిపితే 21 అవుతుంది, సిరీస్ అక్షరాలకు 5, నంబరుకు 14 చేర్చితే 40, అంటే రాహువు సంఖ్య అయిన 4. పైథాగరస్ పద్ధతిలో ‘పీ’ విలువ 7 మాత్రమే కావడంతో (సిరీస్ అక్షరాల విలువ మారలేదు) మొత్తం 39కి తగ్గి, చివరికి గురువు సంఖ్య 3 తేలింది. ఒకే ప్లేటుకు ముగ్గురు గ్రహాధిపతులన్నమాట!

0001 నుంచి 9999 వరకు 5 వచ్చే నంబర్లు 1111 ఉంటాయి కనుక, ఫ్యాన్సీ నంబరు వేలంలో డబ్బు పోయడం నాకు అనవసరమనే అనిపిస్తోంది, కానీ నాన్నగారి మాట కాదనలేను.

ఈ శాస్త్రం తెలిసినవారు దయచేసి చెప్పండి: రాష్ట్రమంతటికీ ఉమ్మడిగా ఉండే అక్షరాలను ఒక వ్యక్తి లెక్కలో కలపడానికి చూపే కారణమేమిటి? ఏ పద్ధతిని, ఏ ఆధారంతో ఎంచుకోవాలి?