వెనక్కి వచ్చిన కమ్యూటెడ్ లీవ్ దరఖాస్తు: పాత ఫారమే మళ్లీ పంపాలా, కొత్తది రాయాలా?

నేను మండల స్థాయి ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. మెడికల్ సర్టిఫికెట్ మీద 2025 జూన్ 9 నుంచి 28 వరకు 20 రోజుల కమ్యూటెడ్ లీవ్‌కి, సెలవుకి ముందే నిర్ణీత ఫారంలో దరఖాస్తు ఇచ్చాను. ముందూ వెనకా ఉన్న 8, 29 తేదీల ఆదివారాలకు ప్రిఫిక్స్, సఫిక్స్ కూడా అడిగాను. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో 30న డ్యూటీలో చేరాను.

మా ఆఫీసరు ఫారం మీద 'తగు ఉత్తర్వుల కోసం సమర్పించడమైనది' అని మాత్రమే రాసి జిల్లా ఆఫీసుకి పంపారు. సిఫారసు చేస్తున్నట్టు లేదు. సెలవు నిల్వ కాలమ్ ఖాళీ. 20 రోజుల కమ్యూటెడ్ లీవ్‌కి హాఫ్ పే లీవ్ ఖాతాలో 40 రోజులు తగ్గించాలి కాబట్టి నిల్వ చూడనిదే మంజూరు చేయరు. ఈ రెండు లోపాలూ చూపించి ఫారం వెనక్కి పంపారు. ఆ సెలవు రోజుల జీతం ఆగిపోయింది.

బదిలీ వల్ల నా సర్వీసు రిజిస్టర్ పాత ఆఫీసులోనే ఉండిపోయింది. అక్కడి నుంచి లీవ్ అకౌంట్ నకలు సంతకంతో తెచ్చి ఇచ్చాను. జిల్లా ఆఫీసుకి నేరుగా వెళితే, త్రూ ప్రాపర్ ఛానల్ రమ్మన్నారు, అది న్యాయమే.

ఇప్పుడు మా సూపరింటెండెంట్ గారు ఈరోజు తేదీతో కొత్త ఫారం ఇవ్వమంటున్నారు. అలా ఇస్తే సెలవు అయిపోయాక అడిగినట్టు రికార్డవుతుందని, అనధికార గైర్హాజరు కింద చూస్తారేమోనని నా టెన్షన్.

పాత తేదీ ఉన్న అసలు ఫారానికే నకలు జతచేసి, సిఫారసుతో కొత్త ఫార్వర్డింగ్ లెటర్ పెట్టి తిరిగి పంపితే జిల్లా ఆఫీసులో తీసుకుంటారా?