సర్టిఫికెట్‌లో 'స్ట్రాంగ్ బ్లూ' ఉన్న డైమండ్ తీసుకోవచ్చా? 75 వేలు తక్కువకి ఇస్తామంటున్నారు

గూడూరు_అమ్మ
మా పాప నిశ్చితార్థం ఉంగరానికి చెన్నైలో రెండు రాళ్లు చూపించారు. రెండూ క్యారెట్‌కి కాస్త పైన, జీఐఏ ల్యాబ్ సర్టిఫికెట్, జీ కలర్, వీఎస్2 క్లారిటీ. ఒకదానికి ఫ్లోరోసెన్స్, అంటే యూవీ కాంతి తగిలితే వెలిగే గుణమంట, 'నన్', 5,40,000. రెండోదానికి 'స్ట్రాంగ్ బ్లూ', 4,65,000. షాపులో నాకు తేడా ఏమీ కనపడలేదు. ఇది లోపమా? ఆదివారం లోపల చెప్పాలి.

పెన్నా_తీరం
వద్దమ్మా, తీసుకోవద్దు. అనుభవించినవాడిగా చెప్తున్నాను. 2016లో మా ఆవిడకి కమ్మలు తీసుకున్నాం, ఒక్కో రాయి 40 సెంట్లు, కలర్ 'ఈ' గ్రేడు. సర్టిఫికెట్ ఇచ్చారు, ఫైల్లో పెట్టి బీరువాలో దాచాం. మొన్న వాటిని ఇచ్చేసి కొత్తవి తీసుకుందామని వెళ్తే అదే షాపువాళ్లు యూవీ టార్చి కొట్టి చూసి 'ఫ్లోరో ఉంది సార్, 18 శాతం కట్ అవుతుంది' అన్నారు. కొన్నప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రాళ్లు ఎండలో పాలు కలిపినట్టు ఉంటాయి, ఇప్పుడు చూస్తే నాకు అర్థమవుతోంది. తక్కువకి ఇస్తున్నారంటేనే ఏదో ఉంది.

చిన్నబజారు_కుర్రోడు
యూవీ ట్యూబ్ కింద నీలంగా వెలిగితే ఒరిజినల్ అని అర్థం అక్కా. ల్యాబ్‌లో చేసినవి వెలగవు. నేనైతే ఆ స్ట్రాంగ్ రాయే తీసుకుంటా.

కందుకూరు_సార్టర్
నేను ముంబైలో 11 ఏళ్లు రాళ్లు ఏరే పని చేశాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు తమ్ముడికి. వెలగటం అసలుదనడానికి రుజువు కాదు, వెలగకపోవటం నకిలీ అనడానికీ కాదు. జీఐఏకి వచ్చే రాళ్లలో నూటికి 25 నుంచి 35 దాకా మాత్రమే ఎంతో కొంత వెలుగుతాయి. మిగతావన్నీ భూమిలో పుట్టినవే అయినా వెలగవు. ఆ లెక్కన అమ్మగారు చూసిన నన్ రాయిని నువ్వు నకిలీ అంటావా?

ఇప్పుడు అసలు సంగతి. ఎండలో ఉండే అల్ట్రావయొలెట్ తగిలినప్పుడు కొన్ని వజ్రాలు సొంతంగా కాస్త నీలం వెలుగు ఇస్తాయి. వజ్రంలో మూడు నైట్రోజన్ అణువులు ఒక ఖాళీ చుట్టూ చేరి ఉంటే ఆ నీలం వస్తుంది. పసుపు ఛాయ తెచ్చేది కూడా నైట్రోజనే. సర్టిఫికెట్‌లో ఆ గీత రాయికి వేసిన మార్కు కాదు, మనిషి పుట్టుమచ్చ రాసుకున్నట్టు గుర్తు కోసం రాసింది. నన్, ఫెయింట్, మీడియం, స్ట్రాంగ్, వెరీ స్ట్రాంగ్ అని ఐదు మెట్లు.

అమ్మా, షాపులో తేడా కనపడలేదంటే ఆశ్చర్యం లేదు. అక్కడ ఉండేవి ఎల్ఈడీలు, వాటిలో అల్ట్రావయొలెట్ దాదాపు ఉండదు. అంటే ఆ రాయి వెలగకుండా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో అది మాత్రమే చూశారు. రెండు రాళ్లూ పట్టుకుని రోడ్డు మీదకి రండి, అద్దం లోపల నుంచి కాదు. అద్దం ఆ కిరణాల్ని కొంతవరకు ఆపేస్తుంది. మధ్యాహ్నం ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. రాయి లోపలి గళ్లు నల్లగా తెల్లగా విడివిడిగా కనపడుతుంటే మంచిదే. బియ్యం కడిగిన నీళ్లలా మసగ్గా అయి గళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే వదిలేయండి. అలాంటివి ఉంటాయి, కానీ చాలా అరుదు. వెలిగే రాళ్లలో వెయ్యికి రెండు కూడా ఉండవని జీఐఏ లెక్క.

పెన్నా_తీరం
> చాలా అరుదు

అరుదైతే నాకే ఎందుకు వచ్చాయి సార్, రెండుకి రెండూ? మీరు ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు, మీకు అమ్ముడుపోవాలి.

కందుకూరు_సార్టర్
ఆ పని మానేసి ఆరేళ్లయింది, ఇప్పుడు పొగాకు వేస్తున్నాను. మీ కమ్మలు సాయంత్రం గదిలో, ఎల్ఈడీ బల్బు కింద కూడా మసగ్గానే ఉంటాయా? ఉంటే తప్పు ఫ్లోరోసెన్స్‌ది కాదు. రాయి లోపల సన్నని పొగలాంటి మచ్చలు ఉండి ఉండాలి, లేదా వెనక జిడ్డు పట్టి ఉండాలి. తలనూనె, సబ్బు కమ్మల వెనక పేరుకుంటే ఎంత ఖరీదైన రాయైనా గాజుపెంకులా కనపడుతుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, అరగంట నానబెట్టి, మెత్తని బ్రష్‌తో వెనక వైపు రుద్ది చూడండి.

ఒంగోలు_లెక్కల_మాస్టారు
అందరూ మసక గురించే మాట్లాడుతున్నారు, కలర్ సంగతి ఎవరూ ఎత్తట్లేదు. నీలం పసుపుని కప్పేస్తుంది, చిన్నప్పుడు తెల్ల బట్టలకి నీలిమందు పెట్టినట్టే. ల్యాబ్‌లో కలర్ చూసే దీపంలో కొంత అల్ట్రావయొలెట్ ఉంటుంది. ఆ దీపం కింద రాయి వెలిగి, పసుపు తగ్గి, జీ వచ్చింది. మన ఇంట్లో ఎల్ఈడీ కింద వెలగదు కాబట్టి అదే రాయి ఒక మెట్టు పసుపెక్కువ ఉండే హెచ్ అవ్వచ్చు, ఇంకో మెట్టు దిగి ఐ కూడా అవ్వచ్చు. అప్పుడు 75 వేలు తగ్గించినట్టా, హెచ్ రాయిని జీ ధరకి కాస్త తక్కువకి అమ్మినట్టా?

కందుకూరు_సార్టర్
మాస్టారూ, మంచి పాయింటే, ట్రేడ్‌లో చాలామంది ఇదే అంటారు. ల్యాబ్ వాళ్ల మాట ఏంటంటే పగటి వెలుతురులో అల్ట్రావయొలెట్ ఉంటుంది కాబట్టి మా దీపంలోనూ ఉండాలి అని. కానీ కలర్ చూసేటప్పుడు రాయిని బోర్లించి పక్క నుంచి చూస్తారు. వేలికి పెట్టుకున్నాక ఎవరూ బోర్లించి చూడరు. పైనుంచి చూస్తే జీకి, హెచ్‌కి తేడా నాలాంటివాడికే కష్టం.

ఒంగోలు_లెక్కల_మాస్టారు
కష్టమైతే జీకి, హెచ్‌కి వేరే ధరలు ఎందుకు సార్? కనపడని దానికి డబ్బు తీసుకుంటున్నప్పుడు కనపడని దాన్నే లెక్కపెట్టాలి కదా.

కావలి_కోడలు
మా నాయనమ్మవి ఏడు రాళ్ల కమ్మలు నా దగ్గరున్నాయి, బ్లూ జాగర్ అని ఇంట్లో అందరూ గొప్పగా చెప్పేవాళ్లు. తీసుకునేముందు మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని అచ్చొచ్చాయో లేదో చూశారంట. ఈ చర్చ చదివి ఇప్పుడే మా వారి కొట్లో దొంగనోట్లు చూసే మిషన్ కింద పెట్టాను. కమ్మకి ఏడులో నాలుగు బాగా నీలంగా, రెండు మసక నీలంగా ఉన్నాయి, మధ్య రాయి మాత్రం నల్లగా ఉండిపోయింది. ఆ ఒక్కటి మార్చేశారా? నాకు టెన్షన్‌గా ఉంది.

కందుకూరు_సార్టర్
టెన్షన్ పడకమ్మా. పాత నగలో భూమిలో పుట్టిన రాళ్లు ఇలా ఎగుడుదిగుడుగానే వెలుగుతాయి, అన్నీ సమానంగా వెలిగితేనే నేను రెండోసారి చూస్తాను. ఆ ఒక్క రాయి సంగతి దీంతో తేలదు, లూప్ అనే భూతద్దంతో చూడాలి. జాగర్ అనే పేరు దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటైన్ గని నుంచి వచ్చింది, అది 1971లో మూతపడింది. ఆ గని రాళ్లలో నీలం వెలుగు బలంగా ఉండేది, ఆ నీలానికే మన పెద్దవాళ్లు ఎక్కువ డబ్బిచ్చారు. ఇవాళ అదే నీలానికి తగ్గిస్తున్నారు. రాయి మారలేదు, మార్కెట్ మారింది.

పెన్నా_తీరం
చూశారా, మళ్లీ పాత కథలు. ఇవాళ తగ్గిస్తున్నారా లేదా? అది చెప్పండి. నాయనమ్మల కమ్మల గురించి కాదు, నా 18 శాతం గురించి చెప్పండి. కొన్నప్పుడు నాకు పైసా తగ్గించలేదు, అమ్మేటప్పుడు మాత్రం అది లోపమైపోయింది. ఏడేళ్లు మా ఆవిడ ఆ కమ్మలు పెట్టుకుని పెళ్లిళ్లకి తిరిగింది, ఒక్కరూ మసక అనలేదు. షాపువాడు టార్చి కొట్టాకే మసక కనపడింది నాకు.

కందుకూరు_సార్టర్
అన్నా, ఇప్పుడు అసలు మాట చెప్పారు. మీ గొడవ రాయితో కాదు. వెలుగు వల్ల ధర తగ్గటం డీ, ఈ, ఎఫ్ లాంటి బాగా తెల్లటి రాళ్లకే ఎక్కువ, మీవి 'ఈ' గ్రేడువి. జీ, హెచ్ దగ్గర కొంచెం తక్కువ. జే, కే లాంటి పసుపు రాళ్లకి ఒక్కోసారి అసలు తగ్గదు, నీలం వల్ల తెల్లగా కనపడుతుంది కాబట్టి కాస్త ఎక్కువే పలకొచ్చు. మీరు కొన్న రోజే ఆ తగ్గింపు మీకు రావాల్సింది, రాలేదు. అది మిమ్మల్ని మోసం చేయటమే, నేను దాన్ని వెనకేసుకురాను. గూడూరు అమ్మగారికి ఇప్పుడే 14 శాతం తగ్గిస్తున్నారు. రేపు అమ్మితే అంతే తగ్గించినా ఆమె కొత్తగా పోగొట్టుకునేది ఉండదు.

ఒంగోలు_లెక్కల_మాస్టారు
అంతే తగ్గిస్తారని ఎవరు చెప్పారు? పదేళ్ల తర్వాత శాతం ఎంతుంటుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు.

కందుకూరు_సార్టర్
నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. ఎక్స్ఛేంజ్‌లో ఎంతిస్తారో బిల్లు మీద రాయించుకోవటం ఒక్కటే దారి.

అమ్మా, ఇంకో రెండు చూడండి. సర్టిఫికెట్ కింద కామెంట్స్‌లో 'క్లౌడ్స్', అంటే ఇందాక చెప్పిన పొగలాంటి మచ్చలు, అన్న మాట ఉందా? స్ట్రాంగ్‌తో పాటు అది కూడా ఉంటే మసక ఉందేమో ఇంకా జాగ్రత్తగా చూడాలి. షాపులో 'మిల్కీ ఉందా' అని అదే మాటతో అడగండి. ట్రేడ్‌లో అందరికీ తెలిసిన మాట అది, 'నో బీజీఎం' అని చెప్పే అమ్ముతారు, బ్రౌన్, గ్రీన్, మిల్కీ లేవని. తర్వాత మాస్టారి అనుమానం కోసం రెండు రాళ్లనీ మడిచిన తెల్ల కాగితంలో బోర్లించి, ఎల్ఈడీ కింద పక్క నుంచి చూడండి.

చిన్నబజారు_కుర్రోడు
సార్, బజార్లో కొనే 395 నానోమీటర్ల యూవీ టార్చి పనికొస్తుందా?

కందుకూరు_సార్టర్
365ది అయితే మేలు. 395ది ఊదా కాంతే ఎక్కువ ఇస్తుంది, రాయి ఆ రంగుకే మెరిస్తే వెలిగిందనుకుంటావు.

గూడూరు_అమ్మ
శనివారం పాపతో వెళ్లి వచ్చాను. సెక్యూరిటీ ఆయన్ని వెంట పంపారు, షాపు ముందు ఎండలో రెండూ అరచేతిలో పెట్టుకుని చూశాం. స్ట్రాంగ్ రాయిలో నీలం చాయ లీలగా కనపడింది, గళ్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి, మసక లేదు. కామెంట్స్‌లో క్లౌడ్స్ మాట లేదు. లోపలికి వచ్చి కాగితంలో బోర్లించి చూస్తే నాకు రెండోదాంట్లో కాస్త పసుపు అనిపించింది, పాపకి అనిపించలేదు. తిప్పి పైనుంచి చూస్తే ఇద్దరికీ తేడా తెలియలేదు.

ఒంగోలు_లెక్కల_మాస్టారు
నేను చెప్పిన పసుపు అదేనమ్మా. ఇంకో 30 వేలు తగ్గించమనండి.

కందుకూరు_సార్టర్
మాస్టారూ, ఒకరికి కనపడి ఒకరికి కనపడనంత పసుపు అది. అడగటంలో తప్పు లేదు, ఇవ్వకపోయినా ఆ ధరకి రాయి బాగున్నట్టే.

గూడూరు_అమ్మ
అడిగితే 12 వేలు తగ్గించారు. స్ట్రాంగ్ రాయే తీసుకున్నాం.

పెన్నా_తీరం
బిల్లు మీద రాయించుకున్నారా అమ్మా?

గూడూరు_అమ్మ
రాయించుకున్నాను అన్నా. 'స్ట్రాంగ్ బ్లూ అని చెప్పి అమ్మడమైనది, ఎక్స్ఛేంజ్‌లో దాని పేరుతో మళ్లీ తగ్గించబడదు' అని రాసి మేనేజర్ సంతకం పెట్టారు. మీ కమ్మల సంగతి చదవకపోతే నాకు తోచేది కాదు.

పెన్నా_తీరం
రాత్రి సబ్బునీళ్లలో నానబెట్టాను. ఒకటి తేటపడింది. రెండోది ఎల్ఈడీ కింద కూడా అలాగే ఉంది సార్, ఏం చేయమంటారు?